ముఖానికి ఇప్పుడు ఏం రాస్తున్నరు: కౌంటర్ మీద అడగాల్సిన మొదటి మాట

ప్రశ్న: హనుమకొండ చౌరస్తా దగ్గర ఫ్యాన్సీ, కాస్మెటిక్స్ షాపుల ఆర్నెల్ల సంది పనిచేస్తున్న. పోయిన వారం ఒక అక్క వచ్చి ముఖం గుంజుతున్నది, నల్ల మచ్చలున్నయి, ఏమన్న మంచిది ఇయ్యమన్నది. మొటిమలు గూడ కనబడ్డయని రెండు శాతం సాలిసిలిక్ ఫేస్‌వాష్, విటమిన్ సి సీరం ఇచ్చిన. మూడో దినం ముఖమంత ఎర్రగయి మండుతున్నదని తిరిగొచ్చింది. ఎనిమిది నెలల సంది మెడికల్ షాపుల తెచ్చిన ట్యూబ్ ఏదో రాస్తున్నదట, అప్పుడు చెప్పింది. నేను అడగలే. గిరాకీ వస్తే ముందుగాల ఏం అడగాలె, ఎట్లడగాలె?

సమాధానం:

ముందు ఆ అక్క సంగతి. ఆమె ఫోన్ నంబర్ ఉంటే ఇవ్వాళే చేసి ఫేస్‌వాష్, సీరం రెండూ ఆపేయమని చెప్పండి. ముఖం చల్లటి మంచినీళ్లతో కడుక్కొని, రుద్దకుండా మెత్తటి నూలుబట్టతో అద్దుకోవాలి. కొంచెం తడి ఉండగానే వాసన లేని మామూలు మాయిశ్చరైజర్ పలచగా రాయాలి. పొద్దున, రాత్రి అంతే. మంట చల్లారుతుందని పసుపు, శనగపిండి, నిమ్మరసం, పెరట్లో కోసిన కలబంద పూయొద్దని గట్టిగా చెప్పండి. మంచి చర్మానికి ఇబ్బంది పెట్టనివి కూడా పొర దెబ్బతిన్న చర్మాన్ని ఇంకా మండిస్తాయి. కళ్ల చుట్టూ వాపు వచ్చినా, చర్మం నుంచి నీరు కారుతున్నా, జ్వరం తగిలినా ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. అవేమీ లేకపోయినా ఆమెను చర్మం డాక్టరు చూడాల్సిందే. వరంగల్ ఎంజీఎంలో చర్మం ఓపీ ఉంది, ప్రైవేటులో చూపించుకున్నా సరే. పోయేటప్పుడు మీరిచ్చిన రెండు డబ్బాలతో పాటు ఆ ఎనిమిది నెలల ట్యూబ్ తప్పకుండా పట్టుకుపోవాలి. డాక్టరు మొదట అడిగేది దాని గురించే.

ఇక్కడ మీరు ఒక మాట అనకూడదు. "ఆ ట్యూబ్ ఇయ్యాల్టి నుంచే బంద్ చెయ్యక్కా" అని మీ అంతట మీరు చెప్పొద్దు, "రాసుకుంటూ ఉండు" అనీ చెప్పొద్దు. ఎందుకో అర్థమైతే మీ మొదటి ప్రశ్న ఏమిటో మీకే తెలుస్తుంది.

మంగు మచ్చలకని మన దగ్గర చేతులు మారే ట్యూబుల్లో చాలావాటిలో మూడు మందులు కలిసి ఉంటాయి. నలుపును తగ్గించే హైడ్రోక్వినోన్, పైపొరను త్వరగా ఊడగొట్టే ట్రెటినోయిన్, ఆ రెండింటి మంట తెలియకుండా ఉండడానికి ఒక స్టెరాయిడ్, ఎక్కువగా మోమెటాసోన్. డాక్టరు దీన్ని కొన్ని వారాలకు రాసిచ్చి, మళ్లీ చూసి ఆపిస్తారు. ఇబ్బందంతా ఆ చీటీ ఇంట్లో, వాడకట్టులో తిరగడం దగ్గర మొదలవుతుంది. మొదటి రెండు వారాల్లో ముఖం తెల్లగా, నున్నగా కనబడుతుంది. వదినకు పనిచేసిందని మరదలు, మరదలు చెప్పిందని పక్కింటామె రాస్తారు. నెలలు గడిచేసరికి స్టెరాయిడ్ వల్ల చర్మం పలచబడుతుంది. చెంపల మీద సన్నటి ఎర్ర నరాలు తేలతాయి, కొందరికి నూగు పెరుగుతుంది, చిన్న చిన్న పొక్కులు లేస్తాయి. ఆపితే రెండు మూడు రోజుల్లో ముఖం ఎర్రబడి మండుతుంది. మళ్లీ రాస్తే తగ్గుతుంది. అందుకే "ఇది లేకుంటే నాకు పడదు" అనుకొని రాస్తూనే ఉంటారు. ఒక్కసారిగా ఆపితే తిరగబడుతుంది, రాస్తూ పోతే చర్మం ఇంకా పాడవుతుంది. ఎంత బలమైన స్టెరాయిడ్, ఎన్నాళ్లు రాశారు అన్నది చూసి ఎట్లా మాన్పించాలో డాక్టరే తేల్చాలి.

ఇప్పుడు మీరిచ్చిన రెండూ అలాంటి ముఖం మీద ఏం చేశాయో చూడండి. సాలిసిలిక్ యాసిడ్ నూనెలో కరుగుతుంది, రంధ్రంలోకి దిగి అక్కడ పేరుకున్న జిడ్డును, చచ్చిన కణాలను వదులు చేస్తుంది. జిడ్డు ముఖం, గట్టి చర్మం ఉన్న వయసు పిల్లలకు మంచి మందు. విటమిన్ సి సీరంలో ఉన్నది ఆస్కార్బిక్ యాసిడ్ అయితే అది చర్మంలోకి దిగడానికి సీరాన్ని బాగా ఆమ్లంగా, పీహెచ్ మూడున్నర లోపు, తయారుచేస్తారు. పైపొర గట్టిగా ఉంటే చిన్నగా చిమచిమ అని ఊరుకుంటుంది. అప్పటికే ట్రెటినోయిన్‌తో ఊడి, స్టెరాయిడ్‌తో పలచబడ్డ పొర మీద ఈ రెండూ ఒకే రోజు పడితే పుండు మీద పులుసు పోసినట్టే. మీరు చూసిన మొటిమలు కూడా ఆ ట్యూబ్ వల్ల లేచిన పొక్కులే కావచ్చు. మామూలు మొటిమలైతే నల్ల తలలు, తెల్ల తలలు, పెద్దవి, చిన్నవి అన్నీ కలిసి ఉంటాయి. స్టెరాయిడ్ పొక్కులు దాదాపు ఒకే సైజులో, ఎర్రగా, ట్యూబ్ రాసిన చోటంతా పరుచుకొని ఉంటాయి. ఇది డాక్టరు తేల్చాల్సిన విషయమే, కానీ చూడగానే మీకు అనుమానం రావాలి.

కాబట్టి మొదటి ప్రశ్న "మీది ఆయిలీ స్కినా, డ్రై స్కినా?" అన్నది కాదు. అందరూ దానితోనే మొదలుపెడతారు, పది మందిలో చాలామంది తప్పు చెబుతారు. ఎప్పుడో ఎవరో అన్న మాట పట్టుకొని "నాది ఆయిలీ" అంటారు. మొదట అడగాల్సింది ఇది:

"అక్కా, ఇప్పుడు ముఖానికి ఏమేం పెడ్తున్నరు? ఎన్ని దినాల సంది?"

దీనికి వచ్చే మొదటి జవాబు "ఏం లేదమ్మా, ఏం పెట్టను." దాన్ని నమ్మి ముందుకు పోకండి. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. సబ్బును, పౌడరును, మెడికల్ షాపు ట్యూబును "పెట్టేవి" కింద లెక్కపెట్టరు, అంతే. అందుకే విడగొట్టి అడగాలి. "ముఖం దేనితోని కడుగుతరు? మచ్చలకో మొటిమలకో ట్యూబ్ ఏమన్న రాస్తున్నరా? పార్లర్‌ల ఈ నెలల బ్లీచ్, ఫేషియల్ ఏమన్న చేయించిన్రా?" ఈ మూడూ అడిగితే అసలు విషయం బయటికొస్తుంది. ట్యూబ్ పేరు గుర్తులేదంటే, ఇంట్లో ఉన్నవాళ్లతో ఫొటో తీసి పంపించమనండి. అర నిమిషం పని.

ఫొటో వచ్చాక ముందున్న పెద్ద పేరు కాదు, వెనకున్న చిన్న అక్షరాలు చదవాలి. మోమెటాసోన్, బెటామెథాసోన్, ఫ్లుటికాసోన్ లాగ పేరు చివర "సోన్" వినబడితే స్టెరాయిడ్ అనుకోండి. క్లోబెటాసోల్, ఫ్లుయోసినోలోన్ కూడా అవే. డబ్బా మీద ఆర్ఎక్స్ గుర్తు, డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలన్న హెచ్చరిక ఉంటే అది సౌందర్య సామగ్రి కాదు, మందు. 2018లో కేంద్ర ప్రభుత్వం పైపూత స్టెరాయిడ్లను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అంటే మెడికల్ షాపు వాళ్లు కూడా చీటీ లేకుండా ఇవ్వకూడదు. మందుల లైసెన్సు లేని ఫ్యాన్సీ షాపు అసలు అమ్మనే కూడదు. మీ ర్యాకుల్లో "బాగా పోతయి" అని అలాంటి ట్యూబులు నాలుగైదు పెట్టి ఉంటే షేట్‌కు చెప్పి తీసేయించండి. ఏమేం కలిపారో రాయని ఊరూ పేరూ లేని తెల్లబడే క్రీం డబ్బాలదీ అదే దారి. వాటిలో స్టెరాయిడో పాదరసమో ఉన్నా మీకు తెలిసే దారి లేదు.

రెండో ప్రశ్న చర్మం పొర గురించి. దీన్ని శాస్త్రం మాటల్లో అడిగితే ఎవరికీ అర్థం కాదు. మన మాటల్లో సూటిగా ఉంటుంది:

"ఉత్త నీళ్లు తగిలినా, చెమట పట్టినా ముఖం మండుతదా?"

నా లెక్కలో కౌంటర్ మీద దీన్ని మించిన పరీక్ష లేదు. చర్మం బాగుంటే నీళ్లకు మండదు, చెమటకు మహా అయితే చిరాకు పుడుతుంది. నీళ్లకే మండుతుంటే, పొయ్యి దగ్గర నిలబడితే బుగ్గలు ఎర్రబడి కాలినట్టుంటే, మామూలు మాయిశ్చరైజర్ కూడా చురుక్కుమంటే పైపొర దెబ్బతిన్నది. ఈ జవాబు వచ్చిందంటే యాసిడ్లు, విటమిన్ సి, రెటినాల్, స్క్రబ్, పీలాఫ్ మాస్క్ ఏదీ ఆ రోజు ఆమె సంచిలో పడకూడదు. ఆమె ఎంత అడిగినా సరే.

ఈ జవాబు విన్నప్పుడు ఇంకొక్కటి కూడా గుర్తుంచుకోవాలి, వరంగల్ కాబట్టి చెబుతున్నాను. ఎండాకాలం ముందు నుంచి ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి వస్తుంది. యార్డులో తొడిమలు తీసేవాళ్లు, బస్తాలు మోసేవాళ్లు, ఇంట్లో కారం పట్టించుకునేవాళ్లు "ఏ క్రీం రాసినా మండుతున్నది" అని వస్తారు. తప్పు క్రీముది కాకపోవచ్చు. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. చేతులు నీళ్లతో కడిగినా గోళ్ల సందుల్లో ఉండిపోతుంది. ఆ వేళ్లతోనే క్రీం రాస్తే క్రీంలోని నూనె దాన్ని ముఖమంతా పరుస్తుంది. కొద్దిగా మంచినూనె తీసుకొని చేతులకు, గోళ్ల చుట్టూ బాగా రుద్ది, తర్వాత సబ్బుతో రెండుసార్లు కడిగి అప్పుడు ముఖం ముట్టుకోమనండి. రెండు రోజులు ఇట్లా చేసినాక మంట పోతే మీరు అమ్మాల్సింది ఏమీ లేదు. "ఏం పని చేస్తరక్కా?" అని ఒక్క మాట అడిగితే గానీ ఇది తెలియదు.

మూడో ప్రశ్నకు వచ్చేసరికి జిడ్డా, పొడా అన్నది. దీన్ని కూడా పేరు పెట్టి కాదు, అయ్యేది అడగాలి. "ముఖం కడిగి ఏం రాయకుండ అరగంట ఉంటే ఎట్లుంటది?" ముఖమంతా గుంజినట్టయి నవ్వితే పగిలేటట్టు ఉంటే పొడి చర్మం. నుదురు, ముక్కు, గడ్డం మెరిసి చెంపలు మామూలుగా ఉంటే రెండూ కలిసినది. అంతటా మెరిసి, టిష్యూ అద్దితే మరక పడితే జిడ్డు చర్మం. కానీ ఎక్కువ పొరపాట్లు జరిగేది నాలుగో రకంలో. కడగంగానే గుంజుతుంది, రెండు గంటలకు జిడ్డు మెరుస్తుంది. ఆమె జిడ్డు ఒక్కటే చెబుతుంది, మీరు మొటిమల ఫేస్‌వాష్ ఇస్తారు, ఆమె రోజుకు నాలుగుసార్లు కడుగుతుంది, గుంజడం ఇంకా పెరుగుతుంది. ఇది జిడ్డు చర్మమే, కానీ నీరు పోయి ఎండింది. దీనికి కావాల్సింది కడగడం తగ్గించి, జెల్ లాంటి తేలిక మాయిశ్చరైజర్ పెట్టడం.

అందుకే "దేనితోని కడుగుతరు, ఎన్నిసార్లు?" అన్నది ఇక్కడ మళ్లీ పనికొస్తుంది. మామూలు ఒంటిసబ్బు పీహెచ్ తొమ్మిది, పది దగ్గర ఉంటుంది. చర్మం ఐదు దగ్గర ఉంటుంది. రోజుకు ఒకసారి అయితే చర్మం సర్దుకుంటుంది, నాలుగుసార్లు అయితే సర్దుకోవడానికి టైం ఉండదు. దానికి తోడు ఇంట్లో బోరు నీళ్లు బరువైనవైతే వాటిలోని కాల్షియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టులా మారి చర్మం మీదే ఉండిపోతుంది. బకెట్ అంచుకు తెల్లగా పట్టే పొర అదే. "మీ ఇంట్ల సబ్బు నురుగు మంచిగొస్తదా, బకెట్లు తెల్లగయితయా?" అని అడిగితే నీళ్ల సంగతి తెలిసిపోతుంది. అలాంటి ఇంటికి సబ్బు బదులు నురుగు తక్కువ వచ్చే, సబ్బు కాని క్లెన్సర్ ఇవ్వండి. అది బరువు నీళ్లలో తెట్టు కట్టదు. ముఖం కడగడానికి ఒక చెంబు మంచినీళ్లు పక్కన పెట్టుకోమంటే ఇంకా మంచిది.

నాలుగో ప్రశ్న అడగడానికి మొహమాటపడే ప్రశ్న. రెటినాల్, హైడ్రోక్వినోన్ లాంటివి కడుపుతో ఉన్నవాళ్లకు, కావాలనుకుంటున్నవాళ్లకు ఇవ్వకూడదు. కానీ పక్కన అత్తమ్మ నిలబడి ఉండగా కొత్త కోడల్ని "ప్రెగ్నెంటా?" అని అడిగితే ఆమె ఏం చెబుతుంది? ప్రశ్నలాగ కాకుండా సరుకు గురించి చెప్పినట్టు చెప్పండి. "ఈ సీరం కడుపుతోని ఉన్నోళ్లకు, పాలిచ్చేటోళ్లకు మేం ఇయ్యం అక్కా. వాళ్లకు వేరేది ఉంది." అప్పుడు ఆమే వేరేది చూపించమంటుంది, ఎందుకో ఎవరికీ చెప్పాల్సిన పనిలేదు.

ఇప్పుడు పోయిన వారం నాటి బేరం మళ్లీ మొదటి నుంచి జరిగిందనుకోండి. ఆమె వచ్చి ముఖం గుంజుతున్నది, మచ్చలున్నయి అంది.

"ఇప్పుడు ఏమేం పెడ్తున్నరక్కా?"

"ఏం లేదమ్మా, సబ్బే."

"మచ్చలకు ట్యూబ్ ఏమన్న?"

"ఆఁ, మెడికల్ షాపులది ఒకటి. రాత్రి పూట. ఎనిమిది నెలలయితున్నది."

"అది రాయని దినం ఎట్లుంటది?"

"అమ్మో, మండుతది. ఎర్రగయితది."

మీకు కావాల్సింది ఇక్కడే దొరికింది. రాయని రోజు మండి, రాసిన రోజు తగ్గుతుందంటే ఆ ముఖం ట్యూబుకు అలవాటు పడింది. ఇంకో రెండు ప్రశ్నలు అడగాల్సిన అవసరం కూడా లేదు. మీరు చెప్పాల్సిన మాట కూడా తేలికే. "అక్కా, మీ ముఖం గుంజేది, మండేది ఆ ట్యూబ్ వల్ల గావచ్చు. మచ్చలకు నేను ఇంకోటి ఇస్తే ఇంకింత మండుతది. దాన్ని ఎట్ల ఆపాలెనో డాక్టరు చెప్తరు, ఒక్కసారి చూపెట్టుకోన్రి. అప్పటిదాక ముఖం గుంజకుండ క్రీం, ఎండకు సన్‌స్క్రీన్ ఇస్త." రెండు వస్తువులు అమ్మారు, షేట్‌కు బేరం పోలేదు, ఆమె ముఖం కాలలేదు. సన్‌స్క్రీన్ అయినా జింక్ ఆక్సైడ్ ఉన్నది, వాసన లేనిది చూసి ఇవ్వండి. దెబ్బతిన్న చర్మానికి అది ఎక్కువగా పడుతుంది. మంగు మచ్చకు అసలు మందు కూడా ఎండ నుంచి కాపాడుకోవడమే. అది లేకుండా ఏ ట్యూబ్ రాసినా మచ్చ మళ్లీ తేలుతుంది.

డాక్టరు దగ్గరికి పోవడానికి ఒప్పుకోరని మీకు అనిపిస్తుంది. "డాక్టరు" అనగానే ఖర్చు గుర్తొస్తుంది. అలాంటప్పుడు భయపెట్టకండి. చెంప మీద తేలిన సన్నటి నరాలను అద్దంలో చూపించండి, "ఇవి ముందుగాల ఉండేనా?" అని అడగండి. ఆమె తన ముఖాన్ని తనే చూసుకుంటుంది.

ఎంత రాయాలో చెప్పకుండా పంపితే సరైన వస్తువు ఇచ్చినా పని జరగదు. సన్‌స్క్రీన్‌కు రెండు వేళ్ల కొలత చెప్పండి. చూపుడు వేలు, మధ్య వేలు మీద మొదలు నుంచి చివరి దాకా రెండు గీతలు పిండితే ముఖానికి, మెడకు సరిపోతుంది. ఇట్లా రోజుకు ఒకసారి రాస్తే 50 గ్రాముల ట్యూబ్ నెల, నెలన్నరలో అయిపోవాలి. ఎండలో తిరిగేవాళ్లు రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాస్తే ఇంకా ముందే అయిపోతుంది. "పోయినసారి కొన్న ట్యూబ్ ఎన్ని దినాలొచ్చింది?" అని అడగండి. "ఐదు నెలలైంది, ఇంకా ఉన్నది" అన్నారంటే చాలనంత రాయలేదు, అందుకే పనిచేయలేదు. అప్పుడు ఇంకో కంపెనీది చూపించే పని లేదు. మాయిశ్చరైజర్ అంత లెక్క అక్కర్లేదు, ముఖం తడి ఆరకముందే రాయడం ముఖ్యం.

ఏ కొత్త వస్తువైనా ఒక్కసారి ఒక్కటే ఇవ్వండి. మీరు ఒకేరోజు రెండు ఇచ్చారు కాబట్టి దేని వల్ల మండిందో ఇప్పుడు మీకూ ఆమెకూ తెలియదు. చర్మం త్వరగా మండే రకమైతే ముఖానికి పెట్టకముందు మోచేయి లోపలి మడతలో పావలా బిళ్లంత చోట రోజుకు రెండుసార్లు, వారం రోజులు రాసి చూడమనాలి. ఫేస్‌వాష్ లాంటిదైతే ఐదు నిమిషాలుంచి కడిగేయాలి. కౌంటర్ మీదే చేతి వెనక రాసి "చూడున్రి, ఏం కాలే" అనడం పరీక్ష కాదు. అలర్జీ చాలాసార్లు రెండు మూడు రోజులకు గానీ బయటపడదు, పైగా చేతి వెనక చర్మం ముఖం కంటే మందం.

టెస్టర్ డబ్బాల్లో వేళ్లు పెట్టనివ్వకండి. చిన్న చెంచాతో తీసి ఇవ్వండి.

మీరు అనుకునే ఇబ్బంది తెలుసు. సాయంత్రం గిరాకీ తోసుకుంటున్నప్పుడు ఇన్ని ఎక్కడ అడుగుతాం? పౌడరు, లిప్‌స్టిక్, తలనూనె తీసుకునేవాళ్లను ఏమీ అడగక్కర్లేదు. ముఖానికి "మచ్చలకు", "మొటిమలకు", "తెల్లగయ్యేటందుకు", "ముడతలకు" అన్న నాలుగు మాటల్లో ఒకటి వినబడితేనే అడగండి. అప్పుడు కూడా మొదటి రెండు ప్రశ్నలు చాలు. ఏం రాస్తున్నరు, నీళ్లకు మండుతదా. వీటికి నిమిషం పట్టదు. రెండింటికీ "లేదు" అని వస్తే మిగతావి అడిగి ఇవ్వండి. ఏ ఒక్కదానికి "అవును" వచ్చినా మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ దాటి పోకండి.

కంపెనీ వాళ్లు సీరం మీద కమీషన్ ఎక్కువ ఇస్తారు, షేట్ అవే చూపించమంటారు. ఆయనకు నీతి మాటలు చెబితే వినకపోవచ్చు. తిరిగొచ్చిన డబ్బాలు పక్కన పెట్టి నెలాఖరుకు లెక్క చూపించండి. మూత తీసిన సీరం మళ్లీ అమ్ముడుపోదు, ఆ నష్టం ఆయనదే. చిన్న సైజు సీసాలు, పది గ్రాముల ట్యూబులు తెప్పించమనండి. పరీక్షకు చిన్నది తీసుకుపోయిన మనిషి, పడితే పెద్దదానికి మీ దగ్గరికే వస్తుంది.

ఒక నోటుబుక్ పెట్టుకోండి. పేరు అక్కర్లేదు, తారీకు, ఏం అడిగారు, ఏం చెప్పారు, ఏం ఇచ్చారు, తిరిగొస్తే ఏమైంది, అంతే. మొదటి గీత ఆ అక్కది రాయండి: ఎనిమిది నెలల ట్యూబ్, ఇచ్చింది సాలిసిలిక్, విటమిన్ సి, మూడో రోజు ఎరుపు. ఆమె డాక్టరును చూసొచ్చాక ఏ ట్యూబ్ అని తేలిందో అడిగి పక్కనే రాసుకోండి. అదే పేరు పట్టుకొని ఇంకొకామె వచ్చినప్పుడు మీకు పనికొస్తుంది.